మీటింగ్‌లో మాట మధ్యలో తెగిపోతుంటే: తోటి ఉద్యోగికి నింద లేని మెసేజ్ రాయడం ఎలా

నెల్లూరులో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ బ్రాంచ్ ఆఫీసు ఉందనుకుందాం. ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి మీటింగ్. విడవలూరు, అల్లూరు వైపు గుంటలు చూసే టెక్నీషియన్ అమ్మాయి తన వారం రిపోర్ట్ చెబుతోంది. నవంబర్ నెల, నాలుగు రోజులుగా ముసురు. "ఆ రెండు గుంటల్లో చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది..." అని ఇంకా వాక్యం పూర్తి కాలేదు, సేల్స్ చూసే సీనియర్ అందుకున్నాడు. "మిగిలిందంటే ఏ బ్యాచ్ అమ్మా? పోయిన లోడా, అంతకు ముందుదా? రైతు కంప్లయింట్ ఏమైనా పెట్టాడా?" అక్కడి నుంచి పది నిమిషాలు చర్చ బ్యాచ్ నంబర్ల చుట్టూ తిరిగింది. మేనేజర్ టైమ్ చూసుకుని తర్వాతి మనిషిని పిలిచారు.

ఆ అమ్మాయి చెప్పాలనుకున్నది మేత నాణ్యత గురించి కానే కాదు. మబ్బు పట్టి ఎండ లేకపోవడంతో తెల్లవారుజాము డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 3.2కి పడిపోయింది, అది తగ్గితే రొయ్య మేత ముట్టదు, ట్రేలో మిగలడానికి కారణం అదీ. ఏరేటర్లు తిప్పమని రైతులకి ఆదివారమే ఫోన్‌లో చెప్పింది. మీటింగ్‌లో చెప్పాల్సింది ఒకటే: ముసురు విడిచేదాకా ఆ వైపు రైతులు మేత తగ్గిస్తారు కాబట్టి మంగళవారం వెళ్లాల్సిన లోడ్ రెండు మూడు రోజులు ఆపాలి. అది నోట్లోనే ఉండిపోయింది. లోడ్ మామూలుగానే వెళ్లింది. ఇద్దరు రైతులు బస్తాలు దించుకోం అన్నారు, బండి తిరిగొచ్చింది.

ఇలాంటివి మూడు నాలుగు వారాలు జరిగితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మొహాన అనేద్దామంటే అందరి ముందూ గొడవ. చాయ్ దగ్గర చెబుదామంటే నవ్వులాటగా పోతుంది. అందుకే రాతపూర్వకంగా, ఆ మనిషికి మాత్రమే, నింద మోపకుండా ఒక అభ్యర్థన పంపడం మంచి దారి. అయితే "నింద లేకుండా" రాయడం అనుకున్నంత తేలిక కాదు. మర్యాదగా రాశామనుకున్న వాక్యంలోనే నింద దాక్కుని ఉంటుంది, అదీ తెలుగులో ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలిస్తేనే తీసేయగలం. పై ఉదాహరణనే పట్టుకుని మొదటి నుంచీ చూద్దాం.

ముందు: అది నిజంగా అడ్డుపడటమేనా?

మధ్యలో మాట్లాడిన ప్రతివాడూ మాట లాక్కున్నట్టు కాదు. "ఎన్నో గుంట అన్నావ్?" అని అడిగి మళ్లీ మీకే వదిలేస్తే అది వినడంలో భాగం. "అవునవును, మా వైపూ అంతే" అనడం ఉత్సాహం. మన ఊళ్లలో నలుగురు కూర్చుంటే ఒకరి మాట మీద ఒకరు మాట వేసుకుంటూనే మాట్లాడుకుంటాం, అది చనువుకి గుర్తు. మీరు తప్పు అంకె చెబుతుంటే వెంటనే సరిచేయడం కూడా తప్పు కాదు, పైగా అవసరం. అభ్యర్థన రాయాల్సింది ఒక్క రకానికే: అడ్డు వచ్చాక మాట మీ దగ్గరికి తిరిగి రాలేదు, మీరు చెప్పాల్సింది చెప్పకుండానే మీ వంతు అయిపోయింది.

ఎక్కడ తెగిందో కూడా గమనించాలి. మనుషులు మాటల్లో వంతులు ఎలా మార్చుకుంటారో 1974లో హార్వే శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు విడమరిచి చూపించారు. ఎదుటివాడి మాట ఎక్కడ ముగియవచ్చో వినేవాళ్లు ముందే అంచనా వేస్తుంటారనీ, ముగిసినట్టు అనిపించే చోటే అందుకుంటారనీ వాళ్లు చెప్పారు. మనకిది ఎందుకంటే, కొంతమంది "మేత మిగిలిపోతోంది" అని క్రియ పూర్తిచేసి, ఊపిరి పీల్చుకుని, తర్వాత అసలు విషయానికి వస్తారు. అవతలివాడికి అక్కడ వాక్యం అయిపోయినట్టే వినిపిస్తుంది. ఆ చోటే తెగుతుంటే సగం పరిష్కారం మీ చేతిలో ఉంది: ముఖ్యమైన మాట ముందు చెప్పడం, ఎన్ని అంశాలున్నాయో మొదటే అనడం. అలా కాకుండా క్రియ రాకముందే తెగుతుంటే సంగతి వేరు. తెలుగులో ఔనో కాదో తేలేది వాక్యం చివర్లోనే. "లోడ్ ఆపాల్సిన అవసరం..." దగ్గర ఆగిపోతే ఉందో లేదో ఎవరికీ తెలియదు.

రెండు మూడు మీటింగులు చూసి, ఒక చిన్న కాగితం మీద మూడు సంగతులు రాసుకుంటే చాలు. ఏ విషయం చెబుతుండగా తెగింది, ఏం చెప్పకుండా మిగిలిపోయింది, దానివల్ల పనిలో ఏమైంది. మీటింగ్ అయిన వెంటనే రాయాలి, సాయంత్రానికి మన జ్ఞాపకంలో అవతలివాడి గొంతు ఇంకా పెద్దదవుతుంది. అదే కాగితం మీద ఆయన మిగతావాళ్లని కూడా ఇలాగే ఆపుతున్నాడా అన్నది కూడా గుర్తించండి. అందరికీ జరుగుతుంటే అది మీటింగ్ నడిపే తీరులో లోపం, మేనేజర్‌తో మాట్లాడాల్సిన విషయం. మీ ఒక్కరికే, లేదా ముఖ్యంగా మీకు జరుగుతుంటే ఈ మెసేజ్ పనికొస్తుంది.

ఒక్క సంఘటన, ఒక్క నష్టం

కాగితం మీద ఐదు సంఘటనలు ఉన్నా మెసేజ్‌లోకి ఒక్కటే వెళ్లాలి. రెండు పెట్టారంటే ఆయన కళ్లకి అది చార్జిషీటు. "ఈ పిల్ల నేనన్నవన్నీ రాసిపెట్టుకుంటోంది" అన్న ఆలోచన వచ్చాక మిగతా వాక్యాలు ఆయన చదవడు.

ఆ ఒక్కటీ ఎలా ఎంచుకోవాలంటే, నష్టం మీ ఇద్దరిదీ అయి ఉండాలి. మన ఉదాహరణలో బండి తిరిగి రావడం సేల్స్ సీనియర్‌కి కూడా తలనొప్పే. రానుపోను డీజిల్, రైతుతో మాట, నెల టార్గెట్ లెక్క అన్నీ ఆయన మెడకే. అంటే మాట పూర్తయి ఉంటే ఆయనకే మేలు జరిగేది. ఇంతకంటే మంచి సంఘటన దొరకదు. అయితే ఆ నష్టానికీ తెగిన మాటకీ సంబంధం నిజంగా ఉండాలి. ముందు వారం రొయ్య చచ్చిపోయినదానికి కూడా మీటింగ్‌లో అడ్డుపడటమే కారణమని లాగితే, అది నిలబడదని ఆయనకి ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

నష్టం బదులు మనసులోని బాధ రాయమని చాలామంది సలహా ఇస్తారు. ఇంట్లో, స్నేహితుల మధ్య అది పనిచేస్తుంది. ఆఫీసులో, ముఖ్యంగా వయసులో పెద్దవాళ్లకి రాసేటప్పుడు, నేనైతే వద్దంటాను. "నాకు బాధేసింది అన్నా" అని రాస్తే వచ్చే జవాబు "అయ్యో, మనసులో పెట్టుకోకమ్మా, నువ్వు నా చెల్లెలు లాంటిదానివి". ఓదార్పు దొరుకుతుంది, వచ్చే సోమవారం మళ్లీ మాట తెగుతుంది. మీరు అడిగింది ఓదార్పు కాదు.

మొదటి ముసాయిదాలో నింద ఎక్కడుంది

కోపం చల్లారాక చాలామంది రాసే మెసేజ్ ఇలా ఉంటుంది:

"అన్నా, మీటింగ్‌లో నేను మాట్లాడేటప్పుడు మీరు ఎప్పుడూ అడ్డొస్తున్నారు. కనీసం రెండు నిమిషాలు కూడా మాట్లాడనివ్వరు. దయచేసి ఇకమీద అలా చేయకండి."

తిట్టు ఒక్కటీ లేదు, అన్నా అంది, మీరు అంది, దయచేసి అంది. అయినా చదివిన మనిషికి చురుక్కుమంటుంది. ఎందుకో మాట మాట చూడాలి.

"ఎప్పుడూ" అన్నారంటే ఒక్క ఎదురు ఉదాహరణ చాలు, మీ మాట కొట్టేయడానికి. "మొన్న పదిహేను నిమిషాలు నువ్వే మాట్లాడావు కదా" అంటాడు, అది నిజమే కావచ్చు కూడా. "అడ్డొస్తున్నారు" అన్నది ఆయన ఉద్దేశం మీద తీర్పు. ఆయన దృష్టిలో ఆయన అడ్డు రాలేదు, బ్యాచ్ కంప్లయింట్ పట్టుకున్నాడు.

"కనీసం", "కూడా" చిన్న మాటలే, కానీ ముల్లు వాటిలోనే ఉంది. "రెండు నిమిషాలు మాట్లాడతాను" అంటే సమాచారం, "కనీసం రెండు నిమిషాలు కూడా" అంటే దెప్పిపొడుపు. "అసలు", వాక్యం చివర "కదా", "మీరే" లోని ఆ దీర్ఘం, ఇవన్నీ ఈ కోవలోవే. రాసిన మెసేజ్‌లో ఈ ఐదింటినీ వెతికి తీసేస్తే సగం వేడి తగ్గుతుంది, అర్థం ఏమీ పోదు.

"మాట్లాడనివ్వరు" ఇంకా లోతైనది. "సోమవారం నా మాట పూర్తి కాలేదు" అంటే ఆ రోజు జరిగిన సంగతి. "మాట్లాడనివ్వరు" అంటే మీ స్వభావమే అంత అని. జరిగిన పనికి మనిషి సర్దుకుంటాడు కానీ స్వభావానికి ఎవరూ సంజాయిషీ ఇవ్వరు, ఎదురు తిరుగుతారు.

ఇక "దయచేసి". అప్పటిదాకా నేరం మోపి, చివర దయచేసి పెడితే అది గుడి ముందు బోర్డు చదివినట్టుంటుంది. "అలా చేయకండి" అన్నది ఏం చేయకూడదో చెప్పింది, ఏం చేయాలో చెప్పలేదు. బ్యాచ్ గురించి అడగాల్సిన ప్రశ్న ఆయనకి నిజంగానే ఉంది, మరి ఎప్పుడు అడగాలి?

ఇది చూసి భయపడి కొందరు ఇంకో కొసకి వెళతారు. "అన్నా ఏమీ అనుకోకండి, చిన్న విషయం, బహుశా నా తప్పే అయ్యుంటుంది, మీ అనుభవం ముందు నేనెంత, వీలైతే కొంచెం..." ఇందులో అభ్యర్థన ఎక్కడుందో వెతుక్కోవాలి. "ఏమీ అనుకోకండి" అని మొదలుపెట్టిన క్షణమే ఆయన ఏదో అనుకోవడానికి సిద్ధమవుతాడు. చివరికి "పర్లేదమ్మా" అని జవాబు వస్తుంది, దేనికి పర్లేదో ఇద్దరికీ తెలియదు.

నిలబడే ముసాయిదా

"అన్నా, సోమవారం విడవలూరు గుంటల రిపోర్ట్‌లో, ట్రేలో మేత మిగులుతోందన్న దగ్గర చర్చ బ్యాచ్ నంబర్ల వైపు వెళ్లింది. డీఓ పడిపోయిందనీ, మంగళవారం లోడ్ ఆపాలనీ చెప్పాల్సింది మిగిలిపోయింది. బండి తిరిగొచ్చింది. వచ్చే సోమవారం నుంచి నా రిపోర్ట్ మూడు నిమిషాల్లో ముగించి 'అంతే' అంటాను. మీ ప్రశ్నలు ఆ తర్వాత అడుగుతారా? బ్యాచ్ వివరాలు ఆదివారం రాత్రికే మీకు పంపిస్తాను, అవి మీ దగ్గర ముందే ఉంటాయి. ఇలా మీకు కుదురుతుందా?"

ఇందులో "మీరు ఆపారు" అన్న వాక్యం లేదు. "చర్చ వెళ్లింది", "మిగిలిపోయింది", "తిరిగొచ్చింది". చేసినవాణ్ని చెప్పకుండా జరిగినదాన్ని చెప్పే ఈ క్రియలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. ఆపేశారు బదులు ఆగింది, తెంచారు బదులు తెగింది, మార్చేశారు బదులు మారింది. ఒక హద్దు మాత్రం ఉంది. ఆయన "ఆ మాట మార్చింది నేనా?" అని సూటిగా అడిగితే "అవునన్నా, బ్యాచ్ ప్రశ్న మీదే" అని సూటిగానే చెప్పాలి. అక్కడ కూడా "అబ్బే, మీరు కాదులెండి" అంటే మెసేజ్ మొత్తం ఉత్తదైపోతుంది.

అభ్యర్థన చూడండి. మాట్లాడొద్దని అడగలేదు, ఎప్పుడు మాట్లాడాలో అడిగింది. దానికి గుర్తు కూడా ఇచ్చింది: "అంతే" అన్న మాట. ముగిసిందో లేదో ఊహించుకునే పని ఆయనకి లేకుండా చేసింది. మూడు నిమిషాలు అన్న హద్దు తన మీద తనే వేసుకుంది. సాగదీస్తుందన్న భయం వల్లే చాలామంది మధ్యలో అందుకుంటారు, ఆ భయం తీరుతుంది. బ్యాచ్ వివరాలు ముందే పంపడం ఆయన అసలు అవసరాన్ని తీర్చే మాట. ఆయన ఎందుకు అందుకుంటున్నాడో మీకు తెలిస్తే ఆ కారణానికి ఒక వాక్యం కేటాయించండి. తెలియకపోతే ఊహించి రాయకండి, ఆ వాక్యం వదిలేయండి.

చివరి ప్రశ్న నిజమైన ప్రశ్న కావాలి. "కుదురుతుందా?" అని అడిగాక "మూడు నిమిషాలు ఎక్కువమ్మా, కంప్లయింట్ ఉంటే అది ముందు చెప్పు" అని ఆయన అంటే ఒప్పుకోవడానికి మీరు సిద్ధంగా ఉండాలి. లేకపోతే అడగకండి.

పిలుపు సంగతి మర్చిపోవద్దు. రోజూ నోటితో ఎలా పిలుస్తారో మెసేజ్‌లోనూ అలాగే పిలవాలి. రోజూ అన్నా అనేవాణ్ని ఈ ఒక్క మెసేజ్‌లో "సార్" అంటే మర్యాద పెరగదు, దూరం పెరుగుతుంది. సమవయసువాడు, "ఏందిరా అబ్బయ్యా" అనుకునే స్నేహం ఉంటే "మీరు" అని మొదలుపెట్టగానే లాయర్ నోటీసు అందుకున్నట్టు ఉలిక్కిపడతాడు. అతనికి ఇంత చాలు: "రేయ్, సోమవారం నా లోడ్ సంగతి చెప్పకుండానే నా వంతు అయిపోయింది, బండి తిరిగొచ్చింది. ఈసారి నేను అంతే అన్నాక నీ ప్రశ్నలు వెయ్. సరేనా?" లిపి విషయం కూడా ఇంతే. రోజూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్లయితే ఇదీ అలాగే కొట్టండి. ఉన్నట్టుండి అచ్చ తెలుగు లిపిలో, ఫుల్‌స్టాప్‌లతో పేరా వచ్చిందంటే ఎవరో పక్కన కూర్చుని రాయించారనుకుంటారు. మూడు చుక్కలు, రెండు ఆశ్చర్యార్థకాలు, చేతులు జోడించిన బొమ్మ, వీటిని వదిలేయండి. దండం బొమ్మని ఎవరు ఎలా చదువుతారో చెప్పలేం, కొందరికి అది వెటకారం.

ఎప్పుడు, ఎక్కడ పంపాలి

ఆయన ఒక్కడికే పంపాలి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడితే ఎంత నెమ్మదిగా రాసినా అది పంచాయితీయే. ఈమెయిల్ పంపితే మేనేజర్‌ని కాపీలో పెట్టకూడదు. పెట్టారంటే అది అభ్యర్థన కాదు, ఫిర్యాదు. మీరిద్దరూ మామూలుగా దేనిలో మాట్లాడుకుంటారో అందులోనే పంపడం మేలు. వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు, గొంతులో వణుకో విసుగో మన ప్రమేయం లేకుండానే వెళ్లిపోతుంది.

మీటింగ్ అయిన గంటలో పంపొద్దు, మళ్లీ మీటింగ్‌కి గంట ముందు కూడా వద్దు. మన ఉదాహరణలో బండి మంగళవారం తిరిగొచ్చింది కాబట్టి బుధవారం మధ్యాహ్నం సరైన సమయం. సంఘటన చల్లారింది, మరిచిపోయేంత పాతదీ కాలేదు, వచ్చే సోమవారానికి ఇంకా టైముంది. రాత్రి పదింటికి వచ్చిన మెసేజ్‌ని ఆయన ఇంట్లో, అలసటలో, ఒంటరిగా చదువుకుంటాడు, ఏ మాటా తేలిగ్గా కనిపించదు. సేల్స్ వాళ్లకి నెలాఖరు రోజులు కూడా వదిలేయండి.

పంపేముందు ఒక పరీక్ష: ఇదే మెసేజ్‌ని ఆయన స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడితే మీరు తల దించుకోవాల్సిన మాట ఏదైనా ఉందా? ఉంటే ఆ మాట తీసేయండి. స్క్రీన్‌షాట్ వెళ్లదన్న గ్యారంటీ ఎవరిస్తారు?

జవాబు వచ్చాక

"సరేమ్మా, అలాగే కానీ" అని వస్తే "థాంక్స్ అన్నా" దగ్గర ఆగిపోవాలి. సంతోషంలో పాతవి తవ్వి "అంతకుముందు వారం కూడా..." అని మొదలుపెట్టకండి. ఉత్త బొటనవేలు బొమ్మ వచ్చినా ఒప్పుకున్నట్టే లెక్క.

"నేనెప్పుడు ఆపాను? అడగాల్సింది అడిగాను, తప్పా?" అని వస్తే వాదనకి దిగాలనిపిస్తుంది. ఎవరు ఆపారన్న దాని మీద మీరు గెలిచినా వచ్చే సోమవారం మారదు. "ప్రశ్న సరైనదే అన్నా, అది అడగాల్సిందే. నా రిపోర్ట్ పూర్తయ్యాక అడిగితే లోడ్ సంగతి కూడా బయటికొచ్చేది, అంతే నేననేది" అని ఒకే ఒక్కసారి రాయండి. మళ్లీ ఎదురు ప్రశ్న వస్తే "ఆఫీసులో రెండు నిమిషాలు మాట్లాడదామా అన్నా?" అని మెసేజ్‌లోంచి బయటికి రండి. మూడోసారి కూడా రాతలోనే సాగితే అది కొట్లాట అవుతుంది, అదీ రికార్డుగా మిగిలే కొట్లాట.

వెంటనే ఫోన్ వస్తే ఎత్తండి. పెద్దవాళ్లలో చాలామందికి రాతకి రాతతో జవాబివ్వడం అలవాటు లేదు, ఫోన్ చేశారంటే కోపం అనుకోనక్కర్లేదు. మెసేజ్‌లో రాసిందే చెప్పండి, కొత్తది కలపొద్దు.

బ్లూ టిక్ పడి జవాబు రాకపోతే మళ్లీ "చూశారా అన్నా?" అని పంపొద్దు. చూశాడు. ఆదివారం రాత్రి మీరు మాటిచ్చిన బ్యాచ్ వివరాలు పంపండి, పక్కన ఇంకేమీ రాయకుండా. మీ వైపు మాట మీరు నిలబెట్టుకున్నారని ఆయనకి తెలుస్తుంది, అదే గుర్తుచేయడం కూడా.

అందరిలో "ఇదిగో, మేడమ్ పర్మిషన్ ఇస్తేనే మనం మాట్లాడాలి" అని జోక్ వేస్తే చిన్నగా నవ్వి "మూడు నిమిషాలే అన్నా, తర్వాత మైకు మీదే" అనేయడం ఉత్తమం. అక్కడ మొహం ముడుచుకుంటే జోక్ గెలుస్తుంది.

సోమవారం మీటింగ్‌లో

మెసేజ్ పంపాక మీరు పాత పద్ధతిలోనే రిపోర్ట్ మొదలుపెడితే సగం పని వృథా. మొదటి వాక్యంలోనే లెక్క చెప్పండి, ముఖ్యమైనది ముందు పెట్టండి. "మూడు అంశాలున్నాయి. ఒకటి, అల్లూరు వైపు లోడ్ ఈ వారం ఆపాలి. ఎందుకంటే..." ఇలా అయితే మధ్యలో తెగినా నిర్ణయం మాత్రం బయటికి వచ్చేసి ఉంటుంది.

మళ్లీ అందుకుంటే? అలవాటు ఒక్క మెసేజ్‌తో పోదు, మొదటి సోమవారం అందుకుంటాడనే అనుకుని వెళ్లండి. గొంతు పెంచకుండా, ఆయన వైపు చూస్తూ "రెండోది చెబుతున్నానన్నా, ఇంకోటుంది, అయిపోగానే మీకే" అని ఆగకుండా కొనసాగించండి. "నేను మెసేజ్ పెట్టాను కదా" అని మాత్రం ఎప్పుడూ అనొద్దు. ఆ మాట ఇద్దరి మధ్య ఉన్నదాన్ని బల్ల మీద పడేస్తుంది. చెప్పినట్టే మూడు నిమిషాల్లో ముగించి "అంతే" అనండి. ఐదో నిమిషంలో ఉంటే ఆయన అందుకున్నా మీరు అనడానికేం లేదు.

ఆయన ఆగితే, ఒకసారైనా నోరు తెరిచి మళ్లీ ఆగినట్టు కనిపిస్తే, సాయంత్రం ఒక్క లైను రాయండి: "ఈరోజు లోడ్ సంగతి అందరికీ చేరింది అన్నా, థాంక్స్." ఆగినందుకు థాంక్స్ అని రాయకండి, అది మళ్లీ ఆయన మీద తీర్పు.

మారకపోతే

నెల గడిచినా తేడా లేకపోతే రెండో మెసేజ్ పంపొచ్చు, మొదటిదానికంటే చిన్నగా: "అన్నా, ఈ సోమవారం కూడా మూడో అంశం మిగిలిపోయింది. రిపోర్ట్ చివర ప్రశ్నలు అన్న పద్ధతి మీకు ఇబ్బందిగా ఉంటే వేరేలా చేద్దాం, చెప్పండి." దీనికీ స్పందన లేకపోతే మూడోది రాయొద్దు. మేనేజర్ దగ్గరికి వెళ్లాలి, అదీ మనిషి పేరుతో కాకుండా పద్ధతి పేరుతో. "సార్, సోమవారం మీటింగ్‌లో టెక్నీషియన్ల రిపోర్టులు తలా మూడు నిమిషాలు, తర్వాత ప్రశ్నలు అని పెట్టుకుందామా? రెండు వారాలుగా లోడ్ నిర్ణయాలు మీటింగ్‌లో తేలక ఫోన్ల మీద తేలుతున్నాయి." ఆయన "ఎవరివల్ల?" అని అడిగితే జరిగింది చెప్పండి, మొదట రాసుకున్న కాగితం ఇక్కడ పనికొస్తుంది. అప్పుడు కూడా తేదీ, విషయం, మిగిలిపోయిన మాట, అంతవరకే.

మాట లాక్కునేది మేనేజరే అయితే ఇదే మెసేజ్ పనిచేస్తుంది కానీ చివరి భాగం మారాలి. పై అధికారిని ప్రశ్నలు ఆపుకోమని అడగడం కుదరదు, రాతలో ఇంకా కుదరదు. "సార్, లోడ్ నిర్ణయాలున్న రోజు రిపోర్ట్‌ని ఒక పేజీలో ఆదివారం రాత్రి మీకు పంపుతాను, మీటింగ్‌లో దాని మీదే మాట్లాడదామా?" అని అడగాలి. చెప్పాల్సింది ముందే ఆయన చేతిలో ఉంటుంది, మధ్యలో తెగినా పోయేదేం ఉండదు.

ఈ పద్ధతి పనికిరాని చోటు ఒకటుంది. మాట మధ్యలో ఆపడంతో పాటు కులం గురించో, ఆడపిల్లవన్న దాని గురించో కించపరిచే మాట పడుతుంటే ఇలాంటి మెత్తని అభ్యర్థన రాయకండి. "చర్చ అటు వెళ్లింది" అని మీరు రాసిన వాక్యమే, పెద్ద విషయం కాదని మీరే ఒప్పుకున్నట్టు తర్వాత చూపిస్తారు. లైంగికంగా వేధించే మాటలైతే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది కూడా లేని చిన్న ఆఫీసైతే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, కాబట్టి తేదీలు, అన్న మాటలు అన్నట్టే, అక్కడ ఎవరెవరున్నారో ఆ రోజే రాసిపెట్టుకోండి.